ఐదు కిలోల మెట్టు: డబుల్ ప్రోగ్రెషన్ మీద ఒక కేస్ స్టడీ

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా పనిచేసే 36 ఏళ్ల మనిషి గత నవంబర్ మొదటి వారంలో మా జిమ్‌కు వచ్చాడు. పేరు రాయను. బరువు 71 కిలోలు, వ్యాయామం మొదలుపెట్టి ఏడాదిన్నర. అంతకుముందు వేరే జిమ్‌లో చేసేవాడు. చేతిలో లెక్కల పుస్తకం ఉంది. కొట్లో పద్దులు రాసే పొడుగు పుస్తకమే అది, చివరి పేజీల్లో మాత్రం బెంచ్ ప్రెస్, స్క్వాట్ లెక్కలు ఉన్నాయి. జిమ్‌కు వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఏమీ రాసుకోరు, కాబట్టి ఆ పుస్తకం చూడగానే నాకు ఉత్సాహం వచ్చింది.

తిరగేస్తే విషయం అర్థమైంది. ఆరు నెలలుగా బెంచ్ ప్రెస్ 60 కిలోల దగ్గరే తిరుగుతోంది. ఒక వారం 60, తర్వాతి వారం 65, ఆపైన మళ్లీ 60. 65 ఎత్తిన ప్రతి రోజూ పక్కన చిన్న అక్షరాలతో "చెయ్యి వేశాడు" అని రాసుకున్నాడు. అంటే బార్ మధ్యలో ఆగిపోతే వెనక నిలబడినవాడు పట్టుకుని లాగాడన్నమాట. మనిషి నిజాయితీపరుడే. కానీ ఆ రెప్‌ను, అంటే ఆ ఒక్కసారి దించి ఎత్తడాన్ని కూడా, ఎనిమిదిలో ఒకటిగా లెక్క వేసుకున్నాడు.

"మాస్టారూ, వారానికి ఐదు కిలోలు పెంచమన్నారు, పెంచుతూనే ఉన్నా, బరువేమో పెరగట్లేదు" అన్నాడు.

"వారానికి ఐదు చొప్పున పెరిగేటట్టయితే ఈపాటికి నువ్వు 190 కొట్టాలయ్యా" అన్నాను.

ఇలాంటి వాళ్లకు నేను మొదట పెట్టేది డబుల్ ప్రోగ్రెషన్. కొత్తదేం కాదు. 1902లో ఫిలడెల్ఫియాలో మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టిన ఆలన్ కాల్వర్ట్ తన కోర్సుల్లో నేర్పింది కూడా ఇదే పద్ధతి. ముందు రెప్స్ పెంచు, అవి ఒక హద్దుకు చేరాక బరువు పెంచు, రెప్స్ మళ్లీ కింది నుంచి మొదలుపెట్టు. పెరిగేవి రెండు, రెప్స్ ఒకటి, బరువు ఒకటి. అందుకే ఆ పేరు. రెండూ ఒకేసారి పెరగవు.

మాట తేలికే. అందరూ తడబడేది ఆ హద్దు ఎంత ఉండాలన్న దగ్గర. ఈ కేసులో నేను కూడా ఒకచోట తప్పు చేశాను, అది కూడా దీని దగ్గరే.

మేం పెట్టుకున్న లెక్క

వారానికి మూడు రోజులు, యార్డు పని అయ్యాక రాత్రి ఎనిమిదిన్నరకు. రెండు రకాల రోజులు మార్చి మార్చి వస్తాయి. ‘ఎ’ రోజున స్క్వాట్, బెంచ్ ప్రెస్. బి రోజున డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్, అంటే నిలబడి బార్‌ను భుజాల మీద నుంచి తల పైకి ఎత్తడం. 12 వారాల్లో ఒక్కోటి 18 సార్లు వస్తుంది. డెడ్‌లిఫ్ట్ తప్ప మిగతావన్నీ మూడేసి సెట్లు, ఒక్కో సెట్లో ఆపకుండా 6 నుంచి 8 రెప్స్.

నియమం ఇది. ఒకే బరువుతో మూడు సెట్లు చెయ్యాలి. మూడింటిలోనూ 8 వస్తేనే, అంటే మొత్తం 24 అయితేనే, తర్వాతి సారి బరువు పెరుగుతుంది. మొదటి సెట్లో 8 వచ్చి మూడోదాంట్లో 6 వస్తే బరువు పెరగదు. ప్రతిసారీ కిందటిసారి కంటే మొత్తంలో ఒక్క రెప్ పెరిగినా చాలు. మొదటి సెట్లో ఊపు ఉంది కదా అని 9 కొట్టకూడదు, 8 దగ్గర బార్ పెట్టెయ్యాలి.

ఈ చివరి నియమం అతనికి మింగుడుపడలేదు. రెండో వారంలో నేను వేరేవాళ్లను చూసుకుంటుంటే వార్మప్ సెట్ల తర్వాత బెంచ్ మొదటి సెట్లో 9 కొట్టేశాడు. తొమ్మిదోది చాలాసేపు కొట్టుకుని పైకి వెళ్లింది. తర్వాతి రెండు సెట్లలో 5, 4. మొత్తం 18. అంతకుముందు అదే బరువుతో 21 వచ్చింది. ఒక్క రెప్ కోసం నాలుగు పోయాయి. పుస్తకంలో ఆ రోజును కొట్టేసి, మళ్లీ చేయించాను. మొదటి రెండు సెట్లలో ఇంకొక్కటి వస్తుందనిపించేటప్పుడే ఆపాలి. మూడో సెట్లో మాత్రం గట్టిగా లాగొచ్చు, అదీ బార్ మధ్యలో ఆగనంతవరకే.

సెట్‌కు సెట్‌కు మధ్య మూడు నిమిషాలు, ఫోన్లో టైమర్ పెట్టుకుని. అతని పాత పుస్తకంలో 8, 6, 5 లాంటి అంకెలు పేజీల నిండా ఉన్నాయి. ఎంతసేపు ఆగేవాడివని అడిగితే, "చెమట ఆరకుండా మళ్లీ దిగేవాడిని" అన్నాడు. అంటే నిమిషం. నిమిషం విశ్రాంతితో బలం ఎంతుందో తెలీదు, ఆయాసం ఎంతుందో తెలుస్తుంది. ఒకరోజు నిమిషం, ఒకరోజు నాలుగు నిమిషాలు ఆగితే ఆ రెండు రోజుల రెప్స్‌ను పోల్చడం కూడా కుదరదు.

కాటా మీద ప్లేట్లు

రెప్స్ పోల్చాలంటే బరువు కూడా ప్రతిసారీ అదే ఉండాలి. మొదటి వారంలోనే అతను ఒక మంచి పని చేశాడు. "మీ ప్లేట్ల మీద 10 అని ఉంది, నిజంగా పదేనా మాస్టారూ?" అన్నాడు. బరువులతో బతికే మనిషి, ఆ అనుమానం వస్తుంది మరి. నాకు సమాధానం తెలీదు. శనివారం యార్డుకు సెలవు. నా ఆటోలో బార్, ఎనిమిది ప్లేట్లు వేసుకుని వాళ్ల కొట్టుకు వెళ్లాం. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక్కొక్కటే పెట్టాం.

10 అని రాసి ఉన్న నాలుగు ప్లేట్లలో ఒకటి 9.6, ఒకటి 10.3, మిగిలిన రెండూ పదికి దగ్గర. 20 కిలోలని నేను పదేళ్లుగా చెబుతూ వచ్చిన బార్ 18.6 తూగింది. కొట్లో హమాలీలు నవ్వారు.

దీనివల్ల లెక్క మారలేదు. పుస్తకంలో బార్‌ను 20 అనే రాశాం. ఎప్పుడూ అదే బార్ వాడితే ఆ తేడా అన్ని రోజులకూ సమానమే. ఇబ్బంది ప్లేట్లతోనే. ఒకరోజు 9.6 ఉన్న జత, ఇంకోరోజు 10.3 ఉన్న జత పడితే, మనం రెప్ పెరిగిందని సంబరపడేది ఆ ముప్పావు కిలో తేడా వల్ల కావచ్చు. బరువులో దగ్గరగా ఉన్నవాటిని జతలు కట్టి, అతని జతకు ఎర్ర పెయింట్ చుక్క పెట్టాం. మూడు నెలలూ ఎర్ర చుక్క ప్లేట్లే.

బెంచ్ ప్రెస్ ఎలా నడిచింది

చెయ్యి వేసినవి తీసేసి, మూడు నిమిషాల విశ్రాంతితో చూస్తే అతని అసలు బెంచ్ బరువు 55. మొదటి రోజు 7, 6, 6 వచ్చాయి. 65 నుంచి 55కు దిగడం అతనికి కష్టంగానే ఉంది. పక్క బెంచ్ కుర్రాడు చూస్తాడేమో అని టెన్షన్.

55 మీద లెక్క ఇలా పెరిగింది:

1వ సారి: 7, 6, 6, మొత్తం 19
2వ సారి: 8, 7, 6, మొత్తం 21
3వ సారి: 8, 8, 7, మొత్తం 23
4వ సారి: 8, 8, 8, మొత్తం 24

అయిదోసారి 57.5. మళ్లీ 7, 6, 6. ఇక్కడ అతను, "ఏంటి మాస్టారూ, మళ్లీ మొదటికొచ్చింది" అన్నాడు. వచ్చింది నిజమే, కానీ మొదటికి కాదు. ఆ అంకెలు మొదటి రోజువే, బరువు మాత్రం రెండున్నర కిలోలు ఎక్కువ. పుస్తకంలో ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నాడు. అక్కడి నుంచి 21, 22, 23, 24. తొమ్మిదోసారికి 57.5 కూడా అయిపోయింది.

పదోసారి 60. ఆరు నెలలు అతన్ని ఆపిన బరువు. 7, 6, 5. మూడో సెట్ 6 కంటే కిందికి పోయింది. ఇలాంటప్పుడు వెనక్కి రావాలా అని అందరూ అడుగుతారు. ఒక్క సెట్లో ఒక్క రెప్ తగ్గితే వెనక్కి రానక్కర్లేదు. రెండు సెట్లలో అడుగు హద్దు తప్పితే అప్పుడు బరువు తొందరపడి పెంచామని అర్థం. తర్వాతి సారి 7, 6, 6. ఆ తర్వాత 7, 7, 6. మెల్లగానే, కానీ వెళ్తోంది.

ఓవర్‌హెడ్ ప్రెస్‌లో నా తప్పు

బి రోజుల్లో ఓవర్‌హెడ్ ప్రెస్ 30 కిలోలతో మొదలుపెట్టాం. మూడోసారికే 8, 8, 8 వచ్చేసింది. నియమం ప్రకారం బరువు పెంచాలి. ఆ రోజుకు మా జిమ్‌లో ఉన్న అతి చిన్న ప్లేట్ రెండున్నర కిలోలు. బార్‌కు రెండు వైపులా వెయ్యాలి కాబట్టి ఎంత చిన్నగా పెంచినా ఐదు కిలోలు. బెంచ్‌కు కావలసిన కిలో పావు ప్లేట్లు ఒక స్నేహితుడి జిమ్ నుంచి వారానికి ఒకటి రెండు రోజులు అరువు తెచ్చుకుంటున్నాం, బి రోజున అవి ఉండేవి కావు. సరే, ఐదే కదా అని 35 వేయించాను.

4, 3, 2.

మూడో సెట్లో రెండో రెప్ కోసం నడుము వెనక్కి వంచేసి ఛాతీతో ఎత్తాడు. బార్ కిందపెట్టాక నడుం పట్టుకున్నాడు. రెండు రోజులకు తగ్గింది కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు అతనిది కాదు. బెంచ్‌కు సరిపోయిన 6 నుంచి 8 హద్దును ఓవర్‌హెడ్ ప్రెస్‌కు కూడా గుడ్డిగా పెట్టింది నేను.

లెక్క చూడండి. ఒక బరువుతో ఎన్ని రెప్స్ వస్తాయో తెలిస్తే, ఒక్కసారికి గరిష్ఠంగా ఎంత ఎత్తగలరో అంచనా వేసే ఎప్లీ సూత్రం ఒకటుంది:

```
1RM = w * (1 + r/30)
```

`1RM` అంటే ఆ గరిష్ఠం, `w` అంటే బరువు, `r` అంటే రెప్స్. 30 కిలోలతో 8 రెప్స్ అంటే అంచనా 38 కిలోలు. ఆ 38 గరిష్ఠం ఉన్న మనిషి 35తో ఎన్ని చెయ్యగలడు? అదే సూత్రం తిప్పి చూస్తే రెండున్నర. మేం చూసింది నాలుగు, అదీ 30తో చేసినప్పుడు మొదటి సెట్లో కొంచెం శక్తి మిగుల్చుకుని ఉండటం వల్ల. అంటే అతను బలహీనపడలేదు. నేను అడిగిన పనే అతనికి అప్పటికి చేతకానిది.

ఈ సూత్రాన్ని నోటి లెక్కగా మార్చుకోవచ్చు. ఒక్క రెప్ విలువ దాదాపు మూడు శాతం బరువు. బరువు ఎంత శాతం పెంచుతున్నారో చూసి మూడుతో భాగిస్తే, ఎన్ని రెప్స్ పోతాయో తెలుస్తుంది. పై హద్దుకూ కింది హద్దుకూ మధ్య కనీసం అన్ని రెప్స్ తేడా ఉండాలి.

బెంచ్ 60 నుంచి 62.5 అంటే నాలుగు శాతం పైచిలుకు. ఒకటిన్నర రెప్ పోతుంది. 6 నుంచి 8 హద్దు చాలు. డెడ్‌లిఫ్ట్ 90 నుంచి 95 అంటే అయిదున్నర శాతం, రెండు రెప్స్ లోపు. ఓవర్‌హెడ్ ప్రెస్ 30 నుంచి 35 అంటే ఆరోవంతు, దాదాపు పదిహేడు శాతం. అయిదారు రెప్స్ పోతాయి. రెండు రెప్స్ హద్దులో అయిదు రెప్స్ గుంత ఎలా పూడుతుంది?

దారులు రెండే. హద్దునైనా పెంచాలి, మెట్టునైనా తగ్గించాలి. హద్దు పెంచితే 6 నుంచి 12 పెట్టాలి. 30తో 12 వస్తే అంచనా గరిష్ఠం 42, దానితో 35 కిలోలు సరిగ్గా ఆరు రెప్స్ వస్తుంది. చిన్న ప్లేట్లు లేని జిమ్‌లో ఉన్నవాళ్లకు నేను ఇదే చెబుతాను. డంబెల్స్‌తో అయితే ఇంకా వెడల్పు కావాలి. చేతికి 10 నుంచి 12.5కు వెళ్లడం పాతిక శాతం, ఎనిమిది రెప్స్ గుంత. కాకపోతే 12 దాటిన రెప్స్‌లో ఈ సూత్రం మనిషిని బట్టి బాగా తేడా కొడుతుంది. అక్కడ బలం కంటే ఓపిక ముందు అయిపోతుంది. అందుకే నాకు రెండో దారే ఇష్టం.

విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన లేత్ పనివాడు ఉన్నాడు. 10 మిల్లీమీటర్ల మందం ఇనుప రేకులో 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రెండు బిళ్లలు కోసి, మధ్యలో మా బార్ చివర పట్టేటట్టు 51 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఇమ్మన్నాను. తెచ్చి కాటా మీద పెడితే ఒక్కోటి 1230 గ్రాములు. కిలో పావుకు ఇరవై గ్రాములు తక్కువ, మాకు చాలు. అంచులు పదునుగా ఉంటే ఆకురాయితో నేనే రుద్దాను.

ఆ బిళ్లలు వచ్చేలోపు మూడు బి రోజులు గడిచాయి. ఆ మూడు రోజులూ 30 మీదే ఉంచి పై హద్దును 9 చేశాను. ఎందుకంటే 30 నుంచి 32.5 అంటే ఎనిమిది శాతం చిల్లర, మూడు రెప్స్ గుంత. 6 నుంచి 9 ఉంటే సరిపోతుంది. ఏడోసారికి 9, 9, 9 వచ్చాయి. ఎనిమిదోసారి కొత్త బిళ్లలు వేసి 32.5: 7, 6, 5. నడుము నిటారుగా ఉంది. ఆ రోజు నేను అద్దంలో అతని నడుమునే చూస్తూ నిలబడ్డాను, రెప్స్ లెక్క అతనే పెట్టుకున్నాడు.

స్క్వాట్: పెరిగిన రెప్స్ పెరిగినవేనా

స్క్వాట్ 80 కిలోలతో మొదలైంది. మొదటిసారి 6, 6, 6. రెండోసారి 8, 8, 8. ఒక్క వారంలో మొత్తం ఆరు రెప్స్ పెరిగితే సంతోషం కంటే అనుమానమే రావాలి. బెంచ్‌లో అదే మనిషికి ఒకటి రెండు రెప్స్ చొప్పునే పెరుగుతున్నాయి మరి.

మూడోసారి ఫోన్‌ను పక్క నుంచి, మోకాలి ఎత్తులో పెట్టి వీడియో తీశాను. మొదటి రెండు రెప్స్‌లో తుంటి మడత మోకాలి పై అంచు కంటే కిందికి వచ్చింది. మూడో రెప్ నుంచి ప్రతిదీ కొంచెం కొంచెం పైనే ఆగుతోంది. ఎనిమిదోది సగం కుర్చీ మీద కూర్చున్నట్టే. తనకు తెలీకుండానే చేస్తున్నాడు. రెప్స్ పెంచాలని చెప్పాం కదా, శరీరం అతి సులువైన దారిలో పెంచింది. డబుల్ ప్రోగ్రెషన్‌లో నాకు అన్నిటికంటే భయం ఇదే. బెంచ్‌లో అయితే బార్ ఛాతీకి తగలకుండా పైకి వెళ్లిపోతుంది. డెడ్‌లిఫ్ట్‌లో ప్లేట్లను నేల మీద కొట్టి ఎగరేసి ఎత్తుతారు.

వీడియోలో కిందికి వచ్చినవే లెక్కపెడితే మూడు సెట్లలో కలిపి తొమ్మిది. అతనికి ఫోన్ ఇచ్చి నువ్వే లెక్కపెట్టుకో అన్నాను. ఏడు అన్నాడు. నాకంటే కఠినంగా చూశాడు.

70కి దింపాం. వెనక ఒక తక్కువ ఎత్తు స్టూలు పెట్టాం. కూర్చోవడానికి కాదు, తగిలితే లోతు సరిపోయినట్టు గుర్తు. తగలని రెప్ పుస్తకంలోకి ఎక్కదు. 70 నుంచి 75కు వెళ్లినప్పుడు ఏడు శాతం పెరిగింది, రెండున్నర రెప్స్ గుంత. రెండు రెప్స్ హద్దుకు అది కొంచెం ఎక్కువే, అనుకున్నట్టే మూడో సెట్లో 5 వచ్చింది. ఒక్కసారే, సర్దుకుంది. లోతైన స్క్వాట్ మళ్లీ 80కి చేరడానికి తొమ్మిది వారాలు పట్టింది.

డెడ్‌లిఫ్ట్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండే సెట్లు, 4 నుంచి 6 రెప్స్, ఐదు కిలోల మెట్టు. అలసిపోయాక వీపు వంగే వ్యాయామం కాబట్టి రెప్స్ తక్కువ పెట్టాను. 90 నుంచి 110 దాకా పేచీ లేకుండా వెళ్లింది.

డిసెంబర్ చివరి చెడ్డ రోజు

బెంచ్ పదమూడోసారి. 60 మీద కిందటిసారి 7, 7, 6 వచ్చింది. ఆ రోజు 6, 6, 5. ఇరవై నుంచి పదిహేడుకు పడింది. మర్నాడో ఎల్లుండో బి రోజున ఓవర్‌హెడ్ ప్రెస్ కూడా అలాగే పడింది. అంతకుముందు 8, 7, 6 ఉన్నది 6, 6, 5 అయింది.

"బరువు తగ్గిద్దామా మాస్టారూ?" అన్నాడు.

ఇక్కడ రెప్స్ ఏ సెట్లో పడ్డాయో చూడాలి. మొదటి సెట్ మామూలుగా వచ్చి రెండు, మూడు సెట్లు కుప్పకూలితే విశ్రాంతి తగ్గింది, లేదా మొదటి సెట్లోనే ఎక్కువ లాగేశారు. మొదటి సెట్టే తగ్గిందంటే ఆ మనిషి జిమ్‌లోకి అడుగుపెట్టేసరికే అలసిపోయి ఉన్నాడు. ఇతనికి మొదటి సెట్టే తగ్గింది, అదీ రెండు వేర్వేరు వ్యాయామాల్లో. కారణం జిమ్ బయట ఉంది.

అడిగితే తెలిసింది. యార్డుకు కొత్త పంట రావడం మొదలైంది. రాత్రిళ్లు లారీలు దిగుతున్నాయి, టిక్కీల లెక్క చూసుకుని ఇంటికి వెళ్లేసరికి రెండు దాటుతోంది. పొద్దున ఏడింటికి మళ్లీ కొట్లో ఉండాలి. నాలుగు రోజులుగా నాలుగేసి గంటల నిద్ర. మధ్యాహ్నం భోజనం బదులు టీలు.

బరువు తగ్గించలేదు. ఒక్క చెడ్డ రోజుకు ఏమీ మార్చను. రెండుసార్లు వరుసగా మొత్తం పెరక్కపోతే నిద్ర, తిండి, విశ్రాంతి చూస్తాను. అవన్నీ బాగుండి కూడా మూడోసారి పెరక్కపోతే అప్పుడు బరువును పదోవంతు తగ్గించి, కింది నుంచి మళ్లీ ఎక్కిస్తాను. ఇతని విషయంలో కారణం చేతికి దొరికింది కాబట్టి బరువు ముట్టుకోలేదు. ఆ వారం మూడో రోజు రాకుండా ఇంట్లో పడుకోమన్నాను. తర్వాతి బెంచ్ రోజు 7, 7, 7 వచ్చింది.

ఆ వెంటనే సంక్రాంతి. ఊరికి వెళ్లి వారం పైన ఉండిపోయాడు. ఫోన్ చేసి, "అరిసెలు తిని కూర్చున్నా, అంతా పోయినట్టే కదా?" అన్నాడు. పోదని చెప్పాను, నమ్మలేదు. తిరిగొచ్చాక అదే 60 వేయించాను. 8, 7, 7. పండగకు ముందు కంటే ఒకటి ఎక్కువ. ఏమీ చెయ్యని ఆ వారంలో బలం పెరగలేదు, పేరుకున్న అలసట దిగింది. రెండు మూడు వారాలు ఆగితే మాత్రం ఇలా ఉండదు. అలాంటప్పుడు నేను ఒక మెట్టు కిందికి దించే మొదలుపెడతాను.

చివరికి ఎక్కడున్నాం

పండగ గ్యాప్ వల్ల పన్నెండు వారాలు పదమూడయ్యాయి. బెంచ్ పదిహేడోసారికి 60తో 8, 8, 8 అయింది, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. పద్దెనిమిదోసారి 62.5తో 7, 6, 6. స్క్వాట్ 80తో 8, 7, 7, ప్రతి రెప్ స్టూలుకు తగిలినదే. పాత పుస్తకంలో కూడా స్క్వాట్ 80 అనే ఉంది. కాగితం మీద చూస్తే మూడు నెలల్లో ఏమీ పెరగనట్టే, మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తేడా తెలీదు.

బెంచ్ లెక్కలో గమనించాల్సింది ఇంకొకటుంది. 55 మెట్టు దాటడానికి నాలుగుసార్లు పట్టింది. 57.5కు అయిదు. 60కి ఎనిమిది, అందులో చెడ్డ రోజొకటి. మెట్టు మెట్టుకూ సమయం పెరుగుతోంది. ఇది ఆగదు. ఏదో ఒక మెట్టు దగ్గర పది, పన్నెండుసార్లు పట్టే రోజు వస్తుంది. అప్పుడు ఒకే బరువును పట్టుకుని వేలాడటం పనికిరాదు. వారంలో ఒక రోజు బరువెక్కువ రెప్స్ తక్కువ, ఇంకో రోజు బరువు తక్కువ రెప్స్ ఎక్కువ పెట్టి నడపాలి. ఏడాదిన్నర అనుభవం ఉన్న ఇతనికి 62.5, 65 మెట్లు ఈ పద్ధతిలోనే దాటతాయని నా అంచనా. 67.5 దగ్గర మార్చాల్సి రావచ్చు.

ఓవర్‌హెడ్ ప్రెస్ 32.5 పదిహేడోసారి 9, 9, 8. పద్దెనిమిదోసారి కూడా 9, 9, 8. ఒక్క రెప్ దగ్గర ఆగింది. 35 వేసేద్దామా అని అతను అడగలేదు. నవంబర్‌లో వచ్చిన 4, 3, 2 ఉన్న పేజీ మూల మడిచిపెట్టుకున్నాడు. యార్డులో ఇప్పుడు సీజన్ ముదిరింది, వారానికి రెండు రోజులే వస్తానన్నాడు. సరేనన్నాను. ఓవర్‌హెడ్ ప్రెస్‌ను ఆ రెండు రోజుల్లో మొదటి వ్యాయామంగా ముందుకు జరిపాను. ఇన్నాళ్లూ డెడ్‌లిఫ్ట్ అయ్యాక చేస్తున్నాడు కాబట్టి, మిగిలిన ఆ ఒక్క రెప్ అక్కడే పోతోందేమో చూడాలి.